మాట ఆగాకే ముగింపు మొదలు

ఇంటి మనుషుల మీద వీడియో తీసేవాళ్లు ముగింపు నేర్చుకోవాలంటే నేను మొదట చెప్పే పేరు షాంతాల్ అకర్మాన్. ఈ బెల్జియం దర్శకురాలు ఇరవయ్యో పడి మొదట్లో న్యూయార్క్ వెళ్లి కొన్నాళ్లు ఉంది. అప్పుడు బ్రసెల్స్ నుంచి తల్లి రాసిన ఉత్తరాలే తర్వాత 'న్యూస్ ఫ్రమ్ హోమ్' సినిమాకి మాటలయ్యాయి. 1976లో మళ్లీ అక్కడికి వెళ్లి, బాబెట్ మాంగోల్ట్ కెమెరాతో ఆ ఊరి వీధులూ రైళ్లూ తీసి, వాటి మీద ఆ ఉత్తరాలు తన గొంతుతోనే చదివింది.

ఆ సినిమా ఆఖరి షాట్ చూసి తీరాలి. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ మీద కెమెరా కదలకుండా ఉంటుంది, పడవే కదులుతుంది. పది నిమిషాలకు పైగా ఒకటే షాట్. అప్పటి 16 ఎంఎం కెమెరాకి 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలే వస్తుంది కాబట్టి, ఇంచుమించు రీలంతా ఈ షాట్‌కే ఇచ్చేసిందన్నమాట. ముందు ఫ్రేమంతా మేడలే, తర్వాత మధ్యలో నీళ్లు పెరుగుతాయి, చివరికి ఊరు మంచులో కలిసిపోతుంది. వినబడేది నీటి చప్పుడు, పక్షుల అరుపులు. అంతసేపూ తల్లి మాటలు విన్న చెవి ఇంకో ఉత్తరం కోసం ఎదురుచూస్తుంది. అది రాదు. సినిమా చెప్పదలచుకున్న దూరం ఇక్కడ కళ్లెదుటే పెరుగుతుంటే ఇంకా వ్యాఖ్యానం దేనికి? ఎంత ధైర్యం, ఎంత నిగ్రహం!

ఆరు నిమిషాల వీడియోకి పది నిమిషాల షాట్ అక్కర్లేదు. పదిహేను, ఇరవై సెకన్లు చాలు. పద్ధతి మాత్రం అదే. మా మేనకోడలు అమ్మమ్మగారి ఇల్లు అమ్మేసిన రోజున ఓ వీడియో తీసింది. మొదటి కూర్పులో చివర డ్రోన్ పైకి లేస్తుంది, వేణువు మోగుతుంది, "ఇల్లు పోయినా జ్ఞాపకాలు శాశ్వతం" అని గొంతు వినిపిస్తుంది. ఏ ఇంటికైనా అతికే మాట అది. అందుకే ఈ ఇంటికి అతకలేదు.

"నువ్వు కొట్టేసిన ముక్కలు చూపించవే" అన్నాను. అమ్మమ్మ తలుపు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవి కొన్నాయన చేతిలో పెడుతుంది. పిల్ల అక్కడితో కత్తిరించేసింది. అదృష్టం, కెమెరా మాత్రం ఆపలేదు. ఆయన వెళ్లాక అమ్మమ్మ చెయ్యి అలవాటుకొద్దీ బొడ్లోకి వెళ్లింది, తాళంచెవి దోపుకునే చోటికి. తడిమింది. చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. ముగింపు అంతకుమించి ఎక్కడ దొరుకుతుంది?

ఇక మాట. "ఈ తాళంచెవి అమ్మమ్మ నిద్రలో కూడా బొడ్లోంచి తీసేది కాదు" అన్న ఒక్క వాక్యం రాసుకుని, ఆమె తాళం వేస్తున్నప్పుడే చెప్పించాం. చెయ్యి తడిమే ముందే ఆ మాట అయిపోవాలి. అప్పుడు ఆ చెయ్యి దేనికి వెళ్లిందో చూసేవాడికే తెలుస్తుంది. అదే వాక్యాన్ని తడుముతున్నప్పుడు చెబితే బొమ్మకి వివరణ అవుతుంది, బరువంతా దిగిపోతుంది. సంగీతం తీసేశాం. వీధిలో పోతున్న ఆటో చప్పుడు ఉంచాం. బొమ్మ నల్లబడ్డాక కూడా ఆ చప్పుడు రెండు సెకన్లు నడిచి ఆగుతుంది.

ముగింపు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి, ఆఖరి వాక్యం తీసేసి ఓసారి చూడండి. ఏమీ తగ్గకపోతే ఆ వాక్యం అనవసరం. తర్వాత గొంతు మొత్తం ఆపేసి చూడండి. చివరి బొమ్మలో ఏమీ జరగకపోతే షాట్ తప్పు. మనిషి వెళ్లిపోవడమో, చెయ్యి తడమడమో, పడవ దూరమవడమో, ఏదో ఒక చిన్న పని అక్కడ పూర్తి కావాలి. వట్టి సూర్యాస్తమయం ఆ పని చెయ్యదు.

ఇదంతా తెలిసిన చేతులు మన ఊళ్లలోనూ ఉన్నాయి, ఆ చేతుల్ని చెడగొడుతున్నది మూస. అప్పగింతల వీడియో ఏది చూసినా అదే స్లో మోషన్, అదే ఏడుపు పాట, కారు కదలగానే గులాబీ రేకుల గ్రాఫిక్. కారు వెళ్లాక గుమ్మంలో మిగిలిన తండ్రి ఏం చేశాడో ఎవరూ తీయరు. ఎంతో ప్రేమగా తీసిన తాతగారి వీడియో కూడా "లైక్ చేయండి, షేర్ చేయండి" అని ముగుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ముసలాయన ముఖం మీద అంగడి బోర్డు తగిలించడం కాదా అది?

వీడియోగ్రాఫర్ సోదరులారా, మీకో విన్నపం. అసలు ఘట్టం అయిపోయిందనుకున్నాక మరో అరనిమిషం రికార్డు బటన్ మీద చెయ్యి వెయ్యకండి. ఎడిటింగ్ బల్ల దగ్గర ఆ అరనిమిషాన్ని చెత్త అని కొట్టేయకుండా మొదట దాన్నే చూడండి. పాట ఎంపిక ఆ తర్వాత.