పదిహేను సెకన్లలో పూతరేకు

రెండు నిమిషాల ప్రోమో అంటే మన టీవీ లెక్కలో మూడు వేల ఫ్రేములు, సెకనుకు ఇరవై అయిదు చొప్పున. ముప్ఫై సెకన్ల ముక్కకు ఏడువందల యాభై, పదిహేను సెకన్లకు మూడువందల డెబ్బై అయిదు. ఛానెళ్లు ప్రకటనల సమయాన్ని పది సెకన్ల చొప్పున ధర కట్టి అమ్ముతాయి కాబట్టి, రెండు నిమిషాల సినిమాను టీవీలో రోజూ వేయించుకునే స్తోమత మిఠాయి వ్యాపారికి ఉండదు. అది దుకాణంలో తెర మీద, పెళ్లి ఆర్డర్ల వాళ్లకు వాట్సాప్‌లో పనికొస్తుంది. జనంలోకి వెళ్లేవి ఆ చిన్న ముక్కలే.

రాజమండ్రిలో ఒక ఎడిటరు అలాంటి ముక్కలు కోస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఆదుర్తి సుబ్బారావు పుట్టిన ఊరు ఇది. దర్శకుడు కాకముందు ఆయనా ఎడిటరే. మా ఎడిటరు ముందున్నది ఆత్రేయపురం పూతరేకుల మీద తీసిన రెండు నిమిషాల ప్రోమో. గోదావరి మీద తెల్లవారడం, ధవళేశ్వరం ఆనకట్ట, కాలువ గట్టున కొబ్బరిచెట్లు, ఇదంతా పైనుంచి డ్రోన్‌తో. తర్వాత బియ్యం నానబెట్టడం, రుబ్బడం. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పిండిలో ముంచిన గుడ్డ దాని మీద పూసి రేకు తీయడం, నెయ్యి, పంచదార పొడి, మడత. ఇంటికొచ్చిన అల్లుడు కొరకడం. చివర డబ్బా, దాని మీద పేరు.

తెలియని వాళ్లు దీన్ని కుదించడమంటే ప్రతి షాటునూ నాలుగో వంతుకు కోయడమే అనుకుంటారు. అలా కోస్తే ఏమవుతుందో ఆయన చేసి చూపించారు. ఇరవై ఎనిమిది షాట్లూ ఉన్నాయి, ఒక్కోటి సెకను చిల్లర. కళ్లు అదిరాయి తప్ప ఏమీ అర్థం కాలేదు. గుడ్డ పిండిలో మునగకముందే కుండ, కుండ కనిపించేలోపే నెయ్యి. అన్నీ ఉన్నా, ఏది దేనివల్ల జరిగిందో తెలిసే వ్యవధి ఏ షాటుకూ మిగల్లేదు.

అందుకని ఆయన టైమ్‌లైన్ పక్కనబెట్టి, ఒక కాగితం తీసుకున్నారు. ఈ మిఠాయి పేరు కూడా వినని మనిషికి, ఏ ఒక్కటి తెలిస్తే మిగతాది తెలియకపోయినా ఫరవాలేదు? అనేకం రాసి కొట్టేశాక ఒకటి మిగిలింది: పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి కుండ మీద పూసి తీస్తే, కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. పూతరేకులోని ఆశ్చర్యమంతా అక్కడుంది. నెయ్యీ పంచదారా ఏ మిఠాయిలోనైనా ఉంటాయి.

ఇక్కడ నాకు నచ్చిన పని ఒకటి జరిగింది. రెండు నిమిషాల ప్రోమోలో ఆ రేకు తీయడాన్ని నాలుగు షాట్లుగా విరిచారు. చెయ్యి, మంట, రేకు తీసే ఆవిడ ముఖం, చివర గాలిలో రేకు. సమయం పుష్కలంగా ఉంది కాబట్టి అది బాగానే ఉంది. చిన్న ముక్క కోసం ఆయన ఆ నాలుగింటినీ కుదించలేదు. రషెస్‌లోకి వెళ్లి, అదే పని మొదటినుంచి చివరిదాకా ఒకే కెమెరా, ఒకే కోణం, కోత లేకుండా ఉన్న టేకు వెతికి తెచ్చారు. గుడ్డ పూయడం సెకను. పిండి ఆరి అంచులు లేవడానికి రెండు మూడు సెకన్లు. ఆమె వేళ్లతో అంచు పట్టి లాగడం ఇంకో రెండు సెకన్లు. మొత్తం అయిదున్నర. పదిహేను సెకన్ల ముక్కలో మూడో వంతుకు పైగా ఈ ఒక్క షాటే. రెండు నిమిషాల సినిమాలో కూడా ఇంత పొడుగు షాటు లేదు.

విరిచి చూపిస్తే ఇది కెమెరా మాయ అనుకునే వీలుంది. నడుమ కోత పడితే ఆ సందులో ఏం జరిగిందో చూసేవాడికి తెలియదు. ముందే చేసిపెట్టిన రేకును తెచ్చి పట్టుకున్నారేమో అనుకోవచ్చు. కోత లేకపోతే అనుమానానికి తావు లేదు. వేరే మాటలతో నమ్మించే సమయం లేనప్పుడు, ఒక్క టేకే సాక్ష్యం. పిండి ఆరే ఆ రెండు మూడు సెకన్లలో ఏమీ కదలదు, ఆవిరి తప్ప. చేయి తిరగని ఎడిటరు మొదట కోసేది దాన్నే. ఆయన దాన్ని ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోలేదు.

ఆ తర్వాత సంగీతం. బీజీఎం ఆది తాళంలో ఉంది, వేగం నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. ఎనిమిది దెబ్బల ఆవర్తనం కచ్చితంగా అయిదు సెకన్లు. రెండు నిమిషాలకు ఇరవై నాలుగు ఆవర్తనాలు, ముప్ఫైకి ఆరు, పదిహేనుకు మూడు. ఈ లెక్క యాదృచ్ఛికం కాదట. సంగీతం చేయించేటప్పుడే చిన్న ముక్కలు వస్తాయని ఆయన ఈ వేగం అడిగారు. తొంభై నాలుగో తొంభై ఎనిమిదో అయి ఉంటే ముక్క చివర తాళం మధ్యలో తెగేది. పాట ముగింపు అలాగే ఉంచి, వెనకనుంచి ముందుకు లెక్కగట్టి, నడుమ ఆవర్తనాలు తీసేశారు. మొదలెక్కడైనా చెవి ఒప్పుకుంటుంది, ముగింపు మాత్రం ముగింపులాగే ఉండాలి. చివరి దెబ్బ మోత కూడా ఆరిపోవాలి కాబట్టి, ఆ దెబ్బ పద్నాలుగో సెకనుకే పడేలా ఆఖరి ఆవర్తనాన్ని సర్దారు.

బొమ్మను తాళానికి కట్టడం చూడముచ్చటగా ఉంది. మొదటి సెకనున్నరలో పలచని పిండి గిన్నె, గుడ్డ మునగడం. అక్కడినుంచి ఏడో సెకను దాకా ఆ టేకు. రేకు అంచు కుండను వదిలే క్షణం సరిగ్గా అయిదో సెకను, రెండో ఆవర్తనం సమం. దానికోసం టేకును మూడు ఫ్రేములు ముందుకు జరిపారు. ఏడు నుంచి పది దాకా నెయ్యి, పొడి, మడత. పదో సెకను సమం మీద కొరకడం. ఆ ఒక్క చోట సంగీతం తగ్గించి రేకు నలిగే చప్పుడు వినిపించారు. పన్నెండు నుంచి డబ్బా, పేరు.

మాటల దగ్గర తెలుగు ఒక చిక్కు పెడుతుంది. పెద్ద ప్రోమోలో వాయిస్ ఓవర్ ఇలా ఉంది: తెల్లవారుజామునే లేచి, నానిన బియ్యం రుబ్బి, పలచని పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క పూత పూసి, ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకు తీస్తారు. మన వాక్యానికి క్రియ చివర ఉంటుంది. ‘ముంచి’ దగ్గర ఆపితే గొంతు పైకెత్తి వదిలేసినట్టుంటుంది, వినేవాడు తర్వాతి మాట కోసం చూస్తుంటాడు. ఈ వాక్యానికి తల తీసేయవచ్చు, తోక కోయరాదు. తల తీసేసి పాత రికార్డింగే వాడితే ఇంకో గొడవ: గొంతు అప్పటికే వాక్యం చివరికి దిగిపోతూ ఉంటుంది, మొదటి మాటే నీరసంగా వినిపిస్తుంది. కాబట్టి మళ్లీ చదివించారు. ‘కాలిన కుండ మీద ఒక్క పూత. ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకు. ఆత్రేయపురం పూతరేకు.’ ముప్ఫై నాలుగు అక్షరాలు. తాపీగా చదివితే సెకనుకు అయిదారు పలుకుతాయి. ఆరున్నర సెకన్లలో అయిపోతుంది. మిగతా సగానికి పైగా మాట లేదు. అందులోనూ రేకు లేచే క్షణంలో గొంతు వినపడకుండా జాగ్రత్తపడ్డారు.

ముప్ఫై సెకన్ల ముక్క దీన్ని సాగదీసింది కాదు. యూట్యూబ్‌లో చాలా ప్రకటనల్ని అయిదు సెకన్ల తర్వాత దాటేయవచ్చు కాబట్టి, మొదటి ఆవర్తనంలోనే రేకు లేవాలి, ఊరి పేరు వినపడాలి. అందుకని ఇందులో ఆ టేకుతోనే మొదలుపెట్టి, ‘ఇదెలా?’ అనిపించాక రెండో ఆవర్తనంలో వెనక్కి వెళ్లి కుండ, మంట, బియ్యం చూపించారు. తర్వాత నెయ్యి. మడత పెట్టేముందు తడిగుడ్డ అద్ది రేకును మెత్తబరచడం, లేకపోతే అది విరుగుతుంది. ఈ చిన్న మెళకువకు ముప్ఫైలో చోటుంది, పదిహేనులో లేదు. ఆ పైన అల్లుడు, డబ్బా.

డ్రోన్ షాట్లు రెండిట్లోనూ లేవు. వ్యాపారి ఊరుకోలేదు. “ఆయ్, గోదారి లేకుండా ఎలాగండీ? ఆ ఒక్క షాటుకే పాతిక వేలు పోశాం కదండీ.” ఎడిటరు వాదించలేదు. రేవు మెట్ల మీద డబ్బా పెట్టి వెనక నీళ్లు పారుతుండగా తీసిన షాటు రషెస్‌లో ఉంటే, చివరి మూడు సెకన్లకు దాన్ని వేశారు. గోదారి వచ్చింది, సెకను కూడా ఖర్చు కాలేదు. 2023లో పూతరేకుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు సంగతి తెర మీద అక్షరాల్లో పడాలన్నాడు ఆ పెద్దమనిషి. తెర మీది వాక్యాన్ని తాపీగా రెండుసార్లు చదువుకునేంత సేపు ఉంచాలన్నది ఈయన లెక్క. ముప్ఫైలో అది కుదిరింది. పదిహేనులో కుదరక డబ్బా మీద ముద్రగానే మిగిలింది. ఫోనులో అది కనపడదు, ఆ మాట దాచకుండా చెప్పారు.

ఇక పరీక్ష. రాజమండ్రి వాళ్లకెవరికి చూపించినా ప్రయోజనం లేదు, పూతరేకు తెలియనివాడెవడు? ఎడిటరుకైతే ఇంకా కష్టం, పెద్ద ప్రోమో మొత్తం బుర్రలో ఉంటుంది, ముక్కలో లేనిది కూడా ఉన్నట్టే తోస్తుంది. పై వాటాలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అద్దెకున్న కుర్రాడిని పిలిచి, ధ్వని పూర్తిగా తీసేసి పదిహేను సెకన్లది చూపించారు. ఫోనులో చాలామంది ధ్వని లేకుండానే చూస్తారు కదా. ఏం చూశావని అడిగితే, “కాగితానికి నెయ్యి పూసి మడిచారు” అన్నాడు. రేకు లేవడం చూశాడు, కానీ గిన్నెలో ఉన్నది పిండని అతనికి తెలియలేదు. తెల్లటి జిగురు అనుకున్నాడు.

తప్పు ఎక్కడుందో అప్పుడు తేలింది. బియ్యం పూర్తిగా ఎగిరిపోయాయి. కొత్త షాటు పెట్టడానికి చోటు లేదు. మళ్లీ రషెస్. గిన్నె పక్కనే చేటలో బియ్యం ఉన్న, కొంచెం దూరంనుంచి తీసిన షాటు దొరికింది. దగ్గరి షాటు తీసేసి అదే సెకనున్నరలో దీన్ని పెట్టారు. ఒక్క బొమ్మలో బియ్యం, పిండి, గుడ్డ. ఇంకొకరికి చూపించారు, ఈసారి “బియ్యప్పిండితో చేశారు” అన్న మాట వచ్చింది.

రెండు ఫైళ్లూ ఎగుమతి చేసి, ఫ్రేములు మళ్లీ లెక్క చూసుకున్నారు. ఒక్క ఫ్రేము ఎక్కువైనా ఛానెలు వెనక్కి పంపుతుంది. అంతలో వ్యాపారి ఫోను: పది సెకన్లది కూడా కావాలట, రేటు తక్కువని. ఆయన రెండు ఆవర్తనాలు పక్కన పెట్టుకున్నారు. గిన్నె సెకనున్నర, రేకు అయిదున్నర, డబ్బా మూడు. నెయ్యి లేదు, అల్లుడు లేడు, గొంతు ‘ఆత్రేయపురం పూతరేకు’ అన్న తొమ్మిది అక్షరాలే. “ఇంతకన్నా తగ్గించాలంటే రేకు సగంలో ఆపాలి సార్, అది నావల్ల కాదు” అని ఫోను పెట్టేశారు.