రాణిగంజ్ ప్రెస్సులో జీతాల షీటు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇనుప సామాన్ల దుకాణాల వెనక సందులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. పనివాళ్లు ఇరవై నలుగురు. అక్కడి అకౌంటెంట్ మేడమ్ తయారుచేసే జీతాల షీటును కాసేపు కూర్చుని చూడాలని ఈ వ్యాసం. చిన్న సంస్థల్లో జీతాల షీటు అంటే సాధారణంగా పేరు, జీతం, కోతలు, చేతికొచ్చేది. అంతే. ఈవిడ షీటు చెప్పేది వేరు: ఒక మనిషి ఒక నెల పనిచేస్తే సంస్థకు మొత్తం ఎంత పడింది, అందులో ఒక్కో గంట వాటా ఎంత అని. ఆ అంకె దగ్గరికి ఆమె చేరుకునే దారిలోనే పనితనమంతా ఉంది. 2025 సెప్టెంబరు షీటులో ఒక మెషిన్ ఆపరేటర్ వరస తీసుకుందాం. మనిషి ఎవరో తెలియకుండా జీతం అంకెలు మార్చాను, పద్ధతి మాత్రం ఆమెదే.

మొదట హాజరు. గేటు దగ్గర పంచింగ్ మెషిన్ ఇచ్చే సమయాలను ఆమె నేరుగా డబ్బుగా మార్చదు. పంచ్ సమయాలకు ఒక షీటు, సరిచూసిన గంటలకు ఇంకో షీటు. ఈ రెంటి మధ్య సూపర్‌వైజర్ సంతకం పెట్టిన ఓవర్‌టైమ్ చీటీ ఉంటుంది. పంచ్‌కూ చీటీకీ పొంతన లేకపోతే గడి ఎర్రగా మారుతుంది. "అన్నా, పదిహేడో తారీకు పంచ్‌ల రాత్రి ఎనిమిది పడ్డది, చీటీల ఏడున్నర ఉన్నది. మెషిన్ ఎప్పుడు బందైంది?" అని అడిగి, జవాబు వచ్చాకే ఆ ఎరుపు పోగొడుతుంది. ఊహించి నింపిన గడి ఒక్కటీ కనపడదు.

గంటలు రాయడంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఎనిమిదిన్నర గంటలను చాలామంది 8.30 అని కొడతారు. షీటు దాన్ని ఎనిమిది గంటల పద్దెనిమిది నిమిషాలుగా చదువుతుంది. పన్నెండు నిమిషాలు మాయం. మొత్తం సరిగ్గానే కూడుతుంది కాబట్టి తప్పు ఎవరికీ కనపడదు, అది రెట్టింపు కూలి సమయమైతే ఆపరేటర్‌కు మాత్రం ప్రతిసారీ ముప్పై నాలుగు రూపాయల చిల్లర పోతుంది. ఈమె షీటులో గంటల గడి పావు, అర, ముప్పావు తప్ప ఇంకే భిన్నాన్నీ ఒప్పుకోదు. 8.30 కొడితే తిరగ్గొడుతుంది.

తర్వాతిది ఓవర్‌టైమ్. నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన భాగం ఇదే. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు దాటినా, వారానికి నలభై ఎనిమిది దాటినా ఆ అదనపు గంటలకు రెట్టింపు కూలి. ఈ ప్రెస్సు షిఫ్టు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. ఇప్పుడు సెప్టెంబరు 14 నుంచి 20 దాకా మన ఆపరేటర్ వారం చూడండి. సోమవారం పది గంటలు, మంగళవారం తొమ్మిది, బుధవారం పది, గురువారం సెలవు, శుక్ర, శనివారాలు ఎనిమిదేసి. మొత్తం నలభై ఐదు.

షిఫ్టు దాటి అతను చేసింది ఐదు గంటలు. కానీ వారం మొత్తం నలభై ఎనిమిది దాటలేదు. రోజుకు తొమ్మిది దాటినవి సోమవారం ఒకటి, బుధవారం ఒకటి. అంటే చట్టం లెక్కలో రెట్టింపు గంటలు రెండే. మిగతా మూడూ షిఫ్టుకు మించినవే అయినా చట్టం గీతకు లోపలివి. సంస్థ వాటికి మామూలు రేటు కడుతుంది. అదే గురువారం కూడా వచ్చి ఎనిమిది గంటలు చేసి ఉంటే వారం యాభై మూడయ్యేది, ఐదు గంటలకూ రెట్టింపు వచ్చేది. ఒక్క రోజు సెలవు మొత్తం లెక్కను మార్చేసింది. రోజు లెక్కా వారం లెక్కా విడివిడిగా కట్టి కలిపేవాళ్లు ఒకే గంటకు రెండుసార్లు చెల్లిస్తారు. వారం లెక్కే చూసేవాళ్లు ఇలాంటి వారంలో రెండు గంటలు ఎగ్గొడతారు. ఈమె రెండూ కట్టి పెద్దది తీసుకుంటుంది. ఆదివారం నుంచి శనివారం దాకా గంటలు D నుంచి J వరకు గడుల్లో ఉంటే సూత్రం ఇదీ:

```
=MAX(SUM(D5:J5)-48, SUMPRODUCT((D5:J5>9)*(D5:J5-9)))
```

రాని రోజు గడిలో సున్నా ఉండాలి. "A" అని రాస్తే షీటు లెక్క ఆపేసి #VALUE! చూపిస్తుంది. అది ఆమెకు ఇష్టమే. తప్పు అంకె చూపించి ఊరుకునేకంటే మొరాయించడం నయం కదా.

నెల చివర వారం ఎప్పుడూ చిక్కే. సెప్టెంబరు 28 ఆదివారం, ఆ వారం ముగిసేది అక్టోబరు 4న. వారం మొత్తం తెలియకుండా సెప్టెంబరు జీతం ఎలా కట్టడం? ఆమె పద్ధతి: 29, 30 తేదీల్లో తొమ్మిది దాటిన గంటలు సెప్టెంబరులోనే ఇచ్చేస్తుంది. వారం ముగిశాక సూత్రం చెప్పిన మొత్తంలోంచి వాటిని తీసేసి మిగిలినవి అక్టోబరులో వేస్తుంది. నలభై ఎనిమిదో గంట దాటేది ఎలాగూ వారం చివర్లోనే కాబట్టి ఇది న్యాయమే. ఏ గంటా రెండు నెలల్లో పడదు, ఏదీ జారిపోదు.

ఇక డబ్బు. ఆపరేటర్‌కు బేసిక్, డీఏ కలిపి 13,000, ఇంటి అద్దె భత్యం 5,000, మొత్తం 18,000. దాన్ని 26 రోజులతో, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 86.54. ఇక్కడ 30తో భాగించేవాళ్లున్నారు. అప్పుడు గంట 75కు పడిపోతుంది. ఆదివారాలు పనిదినాలు కావు కాబట్టి అది పనివాడి జేబులోంచి తీసినట్టే. సెప్టెంబరు మొత్తం మీద అతనికి రెట్టింపు గంటలు ఇరవై, మామూలు అదనపు గంటలు మూడు. రెండూ కలిపి 3,721 రూపాయలు. నెల సంపాదన 21,721.

ఈ అంకె దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఈఎస్ఐ వర్తించే జీతం హద్దు 21,000. మనిషి దాన్ని దాటాడు కదా అని ఆ నెల అతన్ని ఈఎస్ఐ నుంచి తీసేస్తారు. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద అది తప్పు. హద్దు చూడడానికి ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు, చందా కట్టడానికి మాత్రం వస్తుంది. పైగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం. మధ్యలో అసలు జీతమే పెరిగి హద్దు దాటినా కాలం ముగిసేదాకా కట్టాల్సిందే. అందుకే షీటులో హద్దు చూసే గడి 18,000ను చూస్తుంది, చందా కట్టే గడి 21,721ను చూస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, అంటే 705.93. పైసలుంటే పై రూపాయికి సవరించాలి కాబట్టి 706. ఓవర్‌టైమ్ వల్ల పెరిగింది 121 రూపాయలు. అది ఊరికే పోదు. 2026 జనవరి నుంచి జూన్ మధ్య అతను జబ్బుపడి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో చేరితే, రోజుకు వచ్చే జబ్బు భత్యం ఈ చందా కాలపు సగటు కూలి మీదే, అందులో డెబ్బై శాతం చొప్పున, కడతారు.

పీఎఫ్ కథ దీనికి ఎదురు. అక్కడ ఓవర్‌టైమూ ఇంటి అద్దె భత్యమూ లెక్కలోకి రావు, 13,000 మీదే. యజమాని వాటా పన్నెండు శాతం 1,560. అందులో 1,083 పెన్షన్‌కు, 477 పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. ఇవిగాక బీమాకు అర శాతం, నిర్వహణ ఖర్చుకు అర శాతం, చెరో 65. మొత్తం 1,690. వృత్తి పన్ను, పనివాడి వాటా పీఎఫ్, ఈఎస్ఐ ఈ లెక్కలో కనపడవు. అవి అతని జీతంలోంచి పోయేవి, జీతంలో ముందే ఉన్నాయి. వాటిని మళ్లీ ఖర్చులో కలిపి, మనిషి మరీ ఖరీదని వాపోయే యజమానులు లేకపోలేదు.

ఇప్పుడు చెల్లించాల్సిన అవసరం లేకపోయినా ఈ నెలే పుట్టిన బాకీలు రెండు. బోనస్, ఈ సంస్థ పూర్తి బేసిక్ మీద 8.33 శాతం ఇస్తుంది కాబట్టి 1,083. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు 625. అన్నీ కలిపితే సెప్టెంబరులో ఆ ఆపరేటర్ ఖర్చు 25,825. అతను నిజంగా పనిచేసింది 223 గంటలు, గంటకు 116 రూపాయలు.

షీటు ఇక్కడితో ఆగిపోయి ఉంటే మంచి షీటు అని ఊరుకునేవాణ్ని. ఆమె ఇంకో గడి పెట్టింది. ఓవర్‌టైమ్ లేని నెలలో అదే మనిషి ఖర్చు 21,983, గంటకు 105.69. ఓవర్‌టైమ్ గంట రెట్టింపు కూలి 173.08, ఈఎస్ఐతో కలిపి 178.70. కూలి రెట్టింపు, ఖర్చు మాత్రం రెట్టింపు కాలేదు. 1.69 రెట్లే. పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ ఓవర్‌టైమ్‌తో పెరగకపోవడమే కారణం. "డబుల్ ఇస్తే మునిగిపోతం" అని బల్ల గుద్దే యజమానికి ఈ ఒక్క గడి చాలు. దాని పక్కనే 21,983ను 178.70తో భాగించిన అంకె ఉంది: 123. అంటే నెలకు అందరి ఓవర్‌టైమూ కలిపి 123 గంటల లోపుంటే ఓవర్‌టైమే చవక, దాటితే కొత్త మనిషిని పెట్టుకోవడం చవక.

షీటులో నాకు నచ్చని చోటు ఒకటే. ఈఎస్ఐ 3.25 శాతం అన్న గడి పక్కన "2019 జూలై 1 నుంచి" అని రాసుకుంది గానీ, పాత నెలల షీట్లు కూడా ఆ గడికే ముడిపడి ఉన్నాయి. రేటు మారిన రోజున పాత నెలలూ మారిపోతాయి. చెప్తే ఒప్పుకుంది. అది ఊరికే చెప్పిన మాట కాదు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వేతనానికి ఒకే నిర్వచనం వచ్చింది. అందులో ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైమ్ లాంటివి వేతనం బయట ఉంటాయి. అవన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే దాటినంత మేర మళ్లీ వేతనంలోకే వచ్చి చేరుతుంది. మన ఆపరేటర్‌కు అవి రెండూ కలిపి 8,721, సగం 10,860. ఇబ్బంది లేదు. బేసిక్ తక్కువ పెట్టి భత్యాలు పెంచిన చోట్ల ఉంటుంది. పైన చెప్పిన ఓవర్‌టైమ్, ఈఎస్ఐ లెక్కలు పాత చట్టాల నాటివి, వాటిని అలాగే తెచ్చి ఇప్పటి నెలలకు వేయకండి.

సెప్టెంబరులో ఆ ప్రెస్సు ఆరుగురు ఆపరేటర్లు ఇరవై గంటల చొప్పున చేసింది 120 రెట్టింపు గంటలు. ఖర్చు లెక్కలో ఓవర్‌టైమే నయం, మూడు గంటల తేడాతో. కానీ అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో మూడు నెలలకు మనిషికి యాభై గంటలు మూల హద్దు. నెలకు ఇరవై చొప్పున మూడు నెలలు సాగితే అరవై. క్యాలెండర్లు, డైరీల పని డిసెంబరు దాకా ఉంటుందని తెలిసి ఆమె ఆ అంకె కింద గీత గీసి యజమాని బల్ల మీద పెట్టింది. అక్టోబరు మొదటి వారంలోనే ఏడో ఆపరేటర్ చేరాడు.