గడి తప్పిన అంకెలు

పీడీఎఫ్‌లో ఉన్న పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌లో అతికించడం ఇప్పుడు దాదాపు ప్రతి ఆఫీసులోనూ రోజూ జరిగే పని. విలేకరులు, ఎన్జీవోల వాళ్లు, ప్రాజెక్టు రిపోర్టు రాసే విద్యార్థులు అందరూ చేస్తారు. నాకైతే అది సగం ఉద్యోగం. ఈ పనిలో దొరికే తప్పుల్లో నాకు ఎక్కువ భయం పుట్టించేది ఒకటుంది. పట్టికలో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉంటుంది. కాపీ చేసేసరికి ఆ ఖాళీ మాయమవుతుంది. దాని కుడివైపు ఉన్న అంకెలన్నీ ఒక్కో గడి ఎడమకు జరిగి కూర్చుంటాయి. అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, ఉన్న చోటే తప్పు.

ఎందుకిలా అవుతుందంటే, చాలా పీడీఎఫ్‌లలో గడులనేవి ఉండవు. కంటికి కనిపించే పట్టిక నిజానికి పేజీ మీద ఫలానా చోట ఫలానా అక్షరం వేయమనే ఆదేశాల వరస. ఖాళీ గడిలో వేయాల్సిందేమీ లేదు కాబట్టి దాని గురించి ఏ ఆదేశమూ ఉండదు. కాపీ చేసినప్పుడు వచ్చేది అంకె, స్పేస్, అంకె, స్పేస్, అంతే. ఆ స్పేస్ మామూలు సందా, మధ్యలో ఒక గడి ఎగిరిపోయిన సందా అన్నది అందులో ఉండదు. తర్వాత మనం `Text to Columns` తెరిచి, స్పేస్ దగ్గర విడగొట్టమని చెప్పి, `Treat consecutive delimiters as one` అన్న చోట టిక్ పెడతాం. ఎడం ఎక్కువగా ఉన్నచోట ఏదైనా ఆనవాలు మిగిలి ఉంటే అదీ ఆ టిక్కుతో పోతుంది. పెళ్లి బంతిలో ఒకరు రాలేదని మిగతావాళ్లంతా ఒక్కో విస్తరి ఎడమకు జరిగినట్టే. వడ్డించేవాడికి బంతి నిండుగానే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊళ్లూ అంకెలూ నేను కల్పించినవే, కానీ ఈ తీరు పట్టికలు మన జిల్లాల్లో ఎక్కడ చూసినా ఉంటాయి. మండలాల వారీగా వరి, మొక్కజొన్న, పత్తి, కంది ఎన్ని ఎకరాల్లో వేశారు, మొత్తం ఎంత. వేయని పంట గడి ఖాళీగా వదిలేశారు. కాపీ చేస్తే ఇలా వచ్చింది:

```
రామాపురం 4200 650 3100 240 8190
కొత్తపేట 3800 2900 310 7010
పి. కొత్తపల్లి 5100 180 420 5700
సీతారామపురం 2600 540 1900 5040
జిల్లా 15700 1370 7900 970 25940
```

స్పేసుల దగ్గర విడగొడితే రామాపురం వరస సరిగ్గా ఆరు గడుల్లో కూర్చుంటుంది. అది A నుంచి F దాకా, రెండో వరసలో ఉందనుకోండి. కొత్తపేటలో మొత్తం అంకె 7010 కంది గడిలోకి వచ్చి పడుతుంది, F గడి ఖాళీ అవుతుంది. ఒక మండలంలో ఏడు వేల ఎకరాల కంది! పంటల సంగతి తెలిసినవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. తెలియనివాళ్లు దాన్నే వార్తకు శీర్షిక చేస్తారు.

ఇలాంటి వరసలను వెతకడానికి అందరికీ మొదట తట్టేది గడులు లెక్కపెట్టడం. వరస పక్కన ఈ ఫార్ములా వేసి కిందికి లాగితే ఆరు కంటే తక్కువ వచ్చినవన్నీ బయటపడతాయి:

```
=COUNTA(A2:F2)
```

కొత్తపేట, సీతారామపురం దొరికాయి. రెండో పరీక్ష, నాలుగు పంటలూ కూడితే మొత్తం వస్తోందా అన్నది:

```
=SUM(B2:E2)=F2
```

జరిగిన వరసల్లో ఇది తప్పకుండా విఫలమవుతుంది. పైగా ఒక గుర్తు కూడా వదులుతుంది. కొత్తపేటలో B నుంచి E దాకా కూడితే 14020 వస్తుంది, అంటే 7010కి సరిగ్గా రెట్టింపు. మొత్తం అంకె కూడా పంటల్లో కలిసిపోయింది కాబట్టి అలా వచ్చింది. కూడిక E గడికి రెట్టింపు ఉన్న ప్రతి వరసా ఇలా జరిగినదేనని దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది ఫైలు మూసేస్తారు. అసలు దొంగ మూడో మండలంలో ఉన్నాడు.

పి. కొత్తపల్లి పేరులో ఒక స్పేస్ ఉంది. అక్కడ విడగొట్టేసరికి ‘పి.’ A గడిలోకి, ‘కొత్తపల్లి’ వరి గడిలోకి వెళ్లాయి. పేరు రెండు ముక్కలై వరసను ఒక గడి కుడికి నెట్టింది. ఖాళీ పంట ఒక గడి ఎడమకు లాగింది. రెండూ చెల్లుకు చెల్లు. గడులు లెక్కపెడితే ఆరు, నిండుగా ఉన్నాయి. కూడిక పరీక్షా పాసవుతుంది, ఎందుకంటే ఎక్సెల్ `SUM` గడిలో అక్షరాలుంటే వాటిని పట్టించుకోదు. 5100, 180, 420 కూడితే 5700, F గడిలోనూ 5700 ఉంది. రెండు పరీక్షలూ మెచ్చుకున్న ఈ వరసలో 5100 ఎకరాల వరి మొక్కజొన్న కాలమ్‌లో కూర్చుంది. దాన్ని పట్టుకోవడానికి మూడో ప్రశ్న అడగాలి, అంకె ఉండాల్సిన చోట అక్షరాలున్నాయా అని:

```
=ISTEXT(B2)
```

మన మండలాల పేర్లు చూడండి. ఐ. పోలవరం, పి. గన్నవరం, జి. కొండూరు, ఖమ్మం రూరల్. ఇంటిపేర్లలా ముందు అక్షరాలు, చివర రూరల్, అర్బన్. వేరే ప్రాంతాల పట్టికలకు రాసిన చిట్కాలు మన జిల్లాల పట్టికల మీద పారకపోవడానికి ఇదొక కారణం. పేరు కాలమ్‌ను ముందే విడిగా పక్కన పెట్టుకుని, అంకెలను మాత్రమే విడగొట్టడం మంచిది. అప్పుడు పి. కొత్తపల్లి కూడా మిగతా రెండింటి లాగే ఒక గడి తక్కువతో బయటపడేది.

ఇప్పటికి మూడు వరసలు దొరికాయి. ఏ గడి ఖాళీయో ఇంకా తెలియదు. చాలామంది ఇక్కడ తడబడతారు, ఎందుకంటే వరస మొత్తం మనకేమీ సాయం చేయదు. 3800, 2900, 310 ఏ పంటల కింద పెట్టినా కూడితే 7010 వస్తుంది. ఖాళీ గడి కూడికలో సున్నాయే కదా. ఇక పక్కకు చూడటం మాని కిందికి చూడాలి, అంటే జిల్లా వరస.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. అంకెలు జరుగుతాయి తప్ప ఒకదాన్నొకటి దాటవు. 2900 తర్వాత 310 ఉందంటే అసలు పట్టికలోనూ అదే వరుస. కాబట్టి ఒక గడి ఖాళీ ఉన్న వరసలో చూడాల్సిన అవకాశాలు నాలుగే. పైన అన్ని మండలాల మొదటి అంకెలూ కూడితే 4200, 3800, 5100, 2600 కలిపి 15700. జిల్లా వరి అంతే. అంటే వరి ఎక్కడా ఖాళీ లేదు. ప్రతి వరసకూ ఇక మూడే అవకాశాలు.

మొక్కజొన్నకు వద్దాం. జిల్లా మొత్తం 1370, అందులో రామాపురానివి 650. మిగిలింది 720. వరి తర్వాత వచ్చిన అంకెలు వరసగా 2900, 180, 540. వీటిలో కొన్ని కలిపి 720 కావాలంటే 180, 540 తప్ప దారి లేదు. కాబట్టి కొత్తపేటలో మొక్కజొన్న ఖాళీ, దాని 2900 పత్తి, 310 కంది. పత్తి జిల్లా మొత్తం 7900. రామాపురం 3100, కొత్తపేట 2900 తీసేస్తే 1900 మిగిలింది. అది సీతారామపురం చివరి అంకె. పి. కొత్తపల్లి 420 పత్తి కాలేదు, కనుక కంది. 240, 310, 420 కూడితే 970, జిల్లా కంది సరిపోయింది. అంటే ఖాళీలు కొత్తపేటలో మొక్కజొన్న, పి. కొత్తపల్లిలో పత్తి, సీతారామపురంలో కంది. ఒక్క అంకె కూడా ఊహించలేదు.

నిజం పట్టికలు ఇంత మర్యాదగా ఉండవు. ఒకే వరసలో రెండు ఖాళీలుంటే అవకాశాలు పెరుగుతాయి. పెద్ద జిల్లాల్లో రెండు మూడు అమరికలు ఒకే మొత్తానికి రావచ్చు. కింది జిల్లా వరసలోనే ఖాళీ ఉంటే అదీ జరుగుతుంది. అప్పుడు తెలివితేటలు చూపించకుండా అసలు పేజీ తెరిచి ఆ వరస కళ్లతో చూడటమే మేలు. పంటల అంచనాతో, పోయినేడు ఎంత వేశారన్న దానితో ఖాళీని ఒక చోట పెట్టేయడం నాకు నచ్చదు. అది సరిచేయడం కాదు, రాయడం.

వందల పేజీలుంటే కళ్లతో కుదరదు కాబట్టి, పేజీ మీద అంకె ఎక్కడుందో ఆ చోటును కాపాడుకునే పద్ధతి కావాలి. ఉచితంగా దొరికే `pdftotext` ఆ పని చేస్తుంది:

```
pdftotext -layout pantalu.pdf pantalu.txt
```

దీనితో వచ్చే ఫైలులో ఖాళీ గడి ఉన్న చోట వెడల్పాటి ఎడం మిగులుతుంది. పట్టికల్లో అంకెలు సాధారణంగా కుడి అంచుకు ఆనించి వేస్తారు, అందుకే అంకె మొదలైన చోటు కాదు, ముగిసిన చోటు చూడాలి. 310 అన్న అంకె రామాపురం 240 ముగిసిన నిలువు గీత దగ్గరే ముగిస్తే అది కందే. తర్వాత `Text to Columns`లో `Fixed width` ఎంచుకుని కాలమ్‌లు విడగొడితే ఖాళీ ఖాళీగానే దిగుతుంది. స్కాన్ చేసిన పేజీలకు ఇది పని చేయదు, వాటిలో అక్షరాలే ఉండవు, బొమ్మ ఉంటుంది.

సరిచేసేటప్పుడు, పేరు రెండు ముక్కలైన వరసలో ముందు పేరును A గడిలో కలిపి, B గడిని `Delete`, `Shift cells left`తో తీసేయాలి. తర్వాత ఖాళీ ఉండాల్సిన గడి మీద రైట్ క్లిక్ చేసి `Insert`, `Shift cells right` అంటే వరస కుడికి జరుగుతుంది. పట్టిక పక్కన మనం వేసుకున్న పరీక్ష ఫార్ములాలూ దాంతోపాటు జరుగుతాయి. పని అయ్యాక వాటిని తుడిచి, పై వరస నుంచి మళ్లీ కిందికి లాగాలి, లేదంటే పరీక్షే తప్పు గడులను చూస్తుంటుంది. ఖాళీలో సున్నా వేయొద్దు. పంట వేయలేదో, వివరం రాలేదో పట్టిక చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. పక్కన ఒక కాలమ్ పెట్టి ఏ వరసలు జరిపామో రాసి ఉంచితే, రేపు ఆ ఫైలు అందుకున్నవాళ్లు మనల్ని తిట్టుకోరు.

పట్టికలు తయారుచేసి బయటకు ఇచ్చే ఆఫీసుల వాళ్లకు ఒక్క మనవి. పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్ ఫైలు కూడా పెట్టండి. అది కుదరకపోతే, అంకె లేని ప్రతి గడిలోనూ ఒక చిన్న గీత పెట్టండి.