వంగే పిన్నులు, కాల్చే పిన్నులు

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది పంతొమ్మిది పిన్నుల యూఎస్‌బీ హెడర్. జొన్నాడలో మా పక్కింటి బీటెక్ కుర్రాడు కొత్త క్యాబినెట్ తెప్పించుకుని, పాతదాంట్లోని సామానంతా తనే అందులోకి మార్చుకున్నాడు. మర్నాడు వచ్చి, "బాబాయ్, ముందున్న రెండు నీలం పోర్టుల్లో ఒకటి బానే ఉందండి. రెండోదాంట్లో అదే పెన్‌డ్రైవ్ పెడితే సినిమా ఎంతకీ కాపీ అవట్లేదు" అన్నాడు.

వాడి ఉబుంటులో `lsusb -t` కొట్టించాను. మంచి పోర్టులో పెన్‌డ్రైవ్ ఉన్నప్పుడు దాని వరస చివర `5000M` అని వచ్చింది, రెండోదాంట్లో `480M` అని. మూత విప్పకుండానే జబ్బు తెలిసిపోయింది. ఈ హెడర్‌లో ఒక్కో పోర్టుకి పాత వేగానికి ఒక జత తీగలు, కొత్త వేగానికి వేరుగా రెండు జతలు ఉంటాయి. కొత్త జతల్లో ఒక్క పిన్ను అందకపోయినా పెన్‌డ్రైవ్ పాత జత మీద నడిచిపోతుంది. చెడిపోయినట్టు కనపడదు, నెమ్మదిస్తుంది. పైగా రెండు వరసల్లో ఒక్కో వరస ఒక్కో పోర్టుది కాబట్టి వంగిన పిన్ను ఒకే వరసలో ఉండాలి.

గోడ దగ్గర ప్లగ్గు పీకించాను. కంప్యూటర్ ఆపినా చాలా బోర్డుల్లో ఈ పిన్నులకి ఐదు వోల్టులు వస్తూనే ఉంటాయని పాత పాఠకులకి మళ్లీ చెప్పక్కర్లేదు. తర్వాత ఒక చేత్తో హెడర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడని బోర్డుకి అదిమి పట్టుకుని, రెండో చేత్తో కనెక్టర్‌ని నిటారుగా లాగాం. అలా పట్టుకోకపోతే ఆ గోడ కూడా కనెక్టర్‌తోపాటు ఊడొస్తుంది. టార్చి వేసి చూస్తే ఒక పిన్ను పక్కకి పడుకుని ఉంది. ములుకులు తీసేసిన 0.7 పెన్సిల్ మూతిని దానికి తొడిగి, నెమ్మదిగా పైకి లేపాం. ఒకసారి లేస్తుంది, రెండోసారి వంగితే విరిగిపోవచ్చు.

తప్పు కుర్రాడిది కాదు. పిన్నుకీ పిన్నుకీ మధ్య రెండు మిల్లీమీటర్లే. కేబుల్ లావు, మొండి. గ్రాఫిక్స్ కార్డు బిగించాక ఆ సందులో చెయ్యి పట్టదు, కనెక్టర్ ఏటవాలుగా దిగుతుంది. అందుకే క్యాబినెట్‌ని పడుకోబెట్టి, కార్డు కంటే ముందే దీన్ని పెట్టమంటాను. కేబుల్ కాస్త వదులుగా ఉండాలి, దాని వంపు బరువు హెడర్ మీద పడకూడదు.

పాత తొమ్మిది పిన్నులది ఎంత సుఖం! పిన్నుల మధ్య 2.54 మిల్లీమీటర్లు, కేబుల్ మెత్తన, వేలితో నొక్కితే దిగుతుంది. ఐదేసి పిన్నుల రెండు వరసలు, ఒక మూల పిన్ను ఉండదు. కనెక్టర్‌లో ఆ బెజ్జం మూసి ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టలేం. దీన్ని మెచ్చుకుంటూ ఈ కాలమ్ ముగిద్దామనే కూర్చున్నాను.

అంతలో రావులపాలెంలోని ఒక పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు గుర్తొచ్చింది. మినీ డీవీ టేపుల కాలం. కెమెరా నుంచి కంప్యూటర్‌లోకి పెళ్లి ఎక్కాలంటే ఫైర్‌వైర్, అంటే 1394 పోర్టు కావాలి. ఆ షాపు కంప్యూటర్ బోర్డు మీద 1394కి కూడా తొమ్మిది పిన్నుల హెడరే, లేని పిన్ను కూడా అదే మూల. అక్కడి కుర్రాడు క్యాబినెట్ ముందు పోర్టుల యూఎస్‌బీ కేబుల్‌ని దానికి తొడిగాడు. చక్కగా దిగింది. యూఎస్‌బీలో ఏడు, ఎనిమిది పిన్నులు నల్ల తీగవి, గ్రౌండు. 1394లో ఆ రెండింట్లోనూ పన్నెండు వోల్టులు ఉంటాయి. తెల్ల డేటా తీగ ఉండాల్సిన చోట గ్రౌండు ఉంటుంది. ఒక పెళ్లివారు ఫొటోలు వేసి ఇచ్చిన పెన్‌డ్రైవ్ అందులో పెట్టారు. పన్నెండు వోల్టులు తిరగబడి దాని చిప్పులోకి వెళ్లాయి. ఆ ఫొటోలకి ఇంకో కాపీ లేదు. పెళ్లికూతురి తండ్రి ఆ పెన్‌డ్రైవ్‌ని చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు.

ఇది తలుచుకున్నాక నా మెప్పు నిలవలేదు. పంతొమ్మిది పిన్నులది ఇంకే హెడర్‌లోనూ పట్టదు. మొరటుగా పెడితే పాడయ్యేది మన బోర్డు, అదీ వేగం తగ్గడంతో తెలిసిపోతుంది. తొమ్మిది పిన్నులది సులువుగా దిగి, ఎదుటివాడి సొమ్ము కాలుస్తుంది. ఇప్పుడు నాకు ఆ మొండి కేబులే నయమనిపిస్తోంది.

కొత్త బోర్డుల్లో 1394 దాదాపు కనపడదు. కానీ మన ఊళ్లలో పాత బోర్డులు ఇంకా నడుస్తున్నాయి. హెడర్ పక్కన యూఎస్‌బీ అని ఉందో 1394 అని ఉందో టార్చి వేసి చదవండి. అచ్చు చెరిగిపోయి ఉంటే కేబుల్ తొడగకముందే మల్టీమీటర్ తీయండి. కంప్యూటర్ ఆన్ చేసి, నల్ల ప్రోబుని క్యాబినెట్ లోహానికి ఆనించి, ఎర్ర ప్రోబుతో ఒక్కో పిన్నునే, పక్కదానికి తగలకుండా ముట్టుకోండి. పిన్ను లేని మూలకి దూరంగా ఉన్న చివరి రెండింట్లో ఐదు వోల్టులు, ఏడు ఎనిమిదుల్లో సున్నా వస్తే అది యూఎస్‌బీయే. ఏడు ఎనిమిదుల్లో పన్నెండు కనపడితే ఆ హెడర్ జోలికి పోకండి. అన్నీ సరిపోయి కేబుల్ తొడిగాక కూడా, ముందు పోర్టులో మొదట పెట్టేది పోయినా పరవాలేదనుకునే ఖాళీ పెన్‌డ్రైవే కావాలి.