రెండు అంటే ఏ వారం?

ఎక్కడిదో తెలియని వీధి ఫొటో చూపిస్తే చాలామంది ముందు కొట్టు బోర్డు చదువుతారు. నా చూపు మాత్రం తలుపు అద్దానికి అంటించిన వేళల కాగితం మీదకే పోతుంది. బోర్డు మీద ఏ దేశపు సోకైనా పులుముకోవచ్చు. ఇటాలియన్ పేరున్న పిజ్జా కొట్లు విజయవాడలోనూ ఉన్నాయి కదా! కొట్టు ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు కట్టేస్తారు అన్న కాగితం మాత్రం ఆ వీధివాళ్ల కోసమే రాసుకున్నది.

అందులో ముందు చూడాల్సినవి వారాలు. మనకు ఆదివారం నుంచి శనివారం దాకా అన్నీ గ్రహాల పేర్లే కాబట్టి వారాలకు అంకెలు వేస్తారన్న ఊహ రాదు. చాలా భాషల్లో వేస్తారు. చిక్కల్లా ఒకటో రోజు ఎక్కడ మొదలవుతుందన్నదే. చైనాలో లెక్క సోమవారంతో మొదలు, అంటే రెండు మంగళవారం. లిథువేనియా తలుపుల మీద వారాల బదులు రోమన్ అంకెలు కనిపిస్తాయి, అక్కడా రెండు మంగళవారమే. వియత్నాంలో ‘టీ’ అక్షరం పక్కన 2 ఉంటే సోమవారం. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లకు సోమవారం పేరులో ఉన్నది మూడు. శుక్రవారం నమాజు మర్నాటి నుంచి, అంటే శనివారం నుంచి, వాళ్ల లెక్క నడుస్తుంది.

భాష రాకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. కాగితం మీద 1 నుంచి 5 దాకా ఒకే వేళలుండి, 6, 7 వేరుగా ఉంటే లెక్క సోమవారంతో మొదలైనట్టు. అదే 2 నుంచి 6 దాకా ఉండి, ఆ కింద రెండు రోజులు అంకెల్లేకుండా పేర్లతో ఉంటే ఒకటో స్థానం ఆదివారానిది.

ఈ రెండో రకానికి అసలు చిరునామా పోర్చుగీసు భాష. సోమవారం ‘సెగుండ ఫెయిర’, అంటే రెండోది. అలా శుక్రవారం ఆరోది అయ్యేదాకా పోతుంది. శని, ఆదివారాలకు మాత్రం సొంత పేర్లున్నాయి. ఆరో శతాబ్దంలో బ్రాగ ఊరి బిషప్ మార్టిన్, క్రైస్తవులు రోజుల్ని అంగారకుడు, బుధుడు లాంటి అన్యదేవతల పేర్లతో పిలవడమేమిటని గట్టిగా అభ్యంతరం చెప్పాడు. పక్కనే ఉన్న స్పెయిన్‌లో ఈ రోజుకీ మంగళవారం ‘మార్తెస్’, అంగారకుడి పేరే. సరిహద్దు దాటితే దేవుడి స్థానంలో అంకె వచ్చి కూర్చుంటుంది.

మొన్న మా మేనల్లుడు ఇలాంటి ఫొటోనే పంపించి, “మామయ్యా, అంకెలున్నాయి, పోర్చుగీసే. కానీ ఇది బ్రెజిలా, పోర్చుగలా?” అని అడిగాడు. కాగితం మీద 2 నుంచి 6 వరకు పొద్దున 9 నుంచి 13, మళ్లీ 15 నుంచి 19 అని ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు కట్టేయడం పోర్చుగల్ చిన్న కొట్లలో మామూలే, కానీ బ్రెజిల్ పల్లెల్లోనూ భోజనానికి మూసేవాళ్లుంటారు, దాన్నే నమ్ముకోలేం. కింద ‘ఎన్సెర్రాడు’ అని ఉంది. మూసివేయబడినది అనడానికి పోర్చుగల్ కొట్లు ఎక్కువగా వాడే మాట ఇది. బ్రెజిల్‌లో సాధారణంగా ‘ఫెషాడు’ అంటారు.

ఇంకో పక్క చేత్తో రాసిన చీటీ ఉంది. ఆగస్టులో రెండు వారాలు సెలవులని. ఇక అనుమానం లేదన్నాను. ఆగస్టు పోర్చుగల్‌లో మండు వేసవి, కొట్టు యజమాని కూడా సముద్రం ఒడ్డుకు పోయే కాలం. బ్రెజిల్‌లో అప్పుడు చలికాలం, పెద్ద సెలవులు డిసెంబరు, జనవరుల్లో వస్తాయి. మన దగ్గర మంగళవారం సెలూన్ మూసి ఉంటే ఎవరూ కారణం అడగరు చూడండి, అక్కడ ఆగస్టు కూడా అంతే.

“ఊరు కూడా చెప్పు” అన్నాడు వాడు. చీటీలో చివరి వరుస జూన్ 13న సెలవు. పోర్చుగల్‌లో దేశమంతటికీ ఉండే సెలవులు కాక ప్రతి పురపాలికకూ తనదంటూ ఒక సెలవు రోజు ఉంటుంది. పోర్తు నగరానికి జూన్ 24, సెయింట్ జాన్ పండగ. జూన్ 13 సెయింట్ ఆంటొనీ పండగ, అది లిస్బన్‌ది. అయితే పందెం కట్టేముందు ఆగాలి. ఆ పక్కనే ఉన్న కస్కాయిష్‌కూ అదే రోజు సెలవు. ఫోన్ నంబరు 21తో మొదలైనా తేలదు, రెండు ఊళ్లకూ అదే కోడు. తలుపు కింది మూలన పిన్‌కోడు 1100తో మొదలై ఉంది. కస్కాయిష్‌ది 2750. వాడికి లిస్బన్ అని చెప్పేశాను.