పళ్లేలు మార్చి తూచే విద్య

పాతకాలపు తక్కెడతో సరుకు కొన్నవాళ్లకు పాసంగం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పళ్లేలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడే ఒకటి కిందికి వాలి ఉంటే ఆ తేడానే పాసంగం. తేలికగా ఉన్న వైపు చిన్న రాయో, మేకో వేసి సరిచేసి, ఆ తరవాత తూచేవారు. ఇంకో ఉపాయం కూడా ఉంది. సరుకును ఎడమ పళ్లెంలో ఒకసారి, కుడి పళ్లెంలో మరోసారి పెట్టి తూచి, రెండు తూకాల సగటు తీయడం. పళ్లెం మార్చినా సరుకు బరువు మారదు. తక్కెడ తప్పు మాత్రం ఒకసారి ఎంత ఎక్కువ చూపిస్తే రెండోసారి అంత తక్కువ చూపిస్తుంది. సగటులో అది పోతుంది.

రెండు ఉపాయాలకూ తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, పాసంగమే నిలకడగా లేనప్పుడు. పళ్లేనికి బెల్లం అంటుకుంటూ, ఊడుతూ ఉంటే పొద్దున వేసిన మేకు మధ్యాహ్నానికి పనికిరాదు. పళ్లేలు మార్చే పద్ధతి అప్పుడూ పనిచేస్తుంది. కాకపోతే ఒక షరతు: పాసంగం మారేలోపే పళ్లేలు మార్చెయ్యాలి. అంటే ఎంత త్వరగా? ఎలక్ట్రానిక్స్‌లో ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబుంది. దాని పేరు కార్నర్ ఫ్రీక్వెన్సీ.

ఒక నగల త్రాసును తీసుకుందాం. దాని గరిష్ఠ బరువు 300 గ్రాములు, చూపించే కనీస తేడా 10 మిల్లీగ్రాములు అనుకుందాం. పళ్లెం కింద ఒక లోహపు కమ్మీ, దానికి అతికించిన నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు ఉంటాయి. ఈ మొత్తాన్నీ లోడ్ సెల్ అంటారు. బరువుకు కమ్మీ కంటికి కనిపించనంతగా వంగుతుంది, గేజ్‌ల నిరోధం కొద్దిగా మారుతుంది. లోడ్ సెల్‌కు 5 వోల్టులిస్తే, పూర్తి 300 గ్రాములకు బయటికొచ్చేది 10 మిల్లీవోల్టులు. అందులో ముప్పైవేల వంతు, అంటే మైక్రోవోల్టులో మూడోవంతు, 10 మిల్లీగ్రాములకు లెక్క. పైగా పళ్లెంలో పెట్టిన ఉంగరం కదలకుండా కూర్చుంటుంది. అంటే ఈ సంకేతం సున్నా హెర్ట్జ్‌కు దగ్గర్లోనే, మహా అయితే 10 హెర్ట్జ్ లోపలే ఉంటుంది. ఆంప్లిఫయర్‌కు అన్నిటికంటే చేతకాని చోటు సరిగ్గా అదే.

ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ రెండు రకాల నాయిస్ ఉంటుంది. ఒకటి వైట్ నాయిస్, ఇది అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉంటుంది. రెండోది కింది ఫ్రీక్వెన్సీలకు దిగేకొద్దీ పెరుగుతుంది. 1925లో జె.బి. జాన్సన్ వాక్యూమ్ ట్యూబుల్లో ఈ రెండోదాన్ని గమనించాడు. మరుసటి ఏడాది వాల్టర్ షాట్కీ దానికి కారణం వెతుకుతూ ‘ఫ్లికర్’ అన్న పేరు వాడాడు. దీపం రెపరెపలాడినట్టు అని అర్థం. నేటి మాస్ ట్రాన్సిస్టర్‌లో ఆ రెపరెపకు ప్రధానంగా చెప్పే కారణం ఇది. సిలికాన్‌కూ దాని మీది ఆక్సైడ్ పొరకూ మధ్య లోపాలుంటాయి. దారిన పోయే ఎలక్ట్రాన్‌ను ఒక లోపం పట్టి ఉంచి, కాసేపయ్యాక వదులుతుంది. ఒక్కో లోపం పట్టి ఉంచే కాలం ఒక్కో తీరు. ఒకటి మైక్రోసెకన్లలో వదిలితే ఇంకొకటి నిమిషాలపాటు వదలదు. ఇన్ని రకాల కాలాలు కలిసినప్పుడు నాయిస్ పవర్ ఫ్రీక్వెన్సీకి విలోమంగా తయారవుతుంది. ఫ్రీక్వెన్సీ పదో వంతైతే పవర్ పదిరెట్లు.

ఈ రెండిటినీ లాగరిథమిక్ గ్రాఫ్ మీద గీస్తే వైట్ నాయిస్ నేలలా చదునుగా ఉంటుంది. ఫ్లికర్ నాయిస్ ఎడమవైపు ఎత్తుగా మొదలై వాలుగా దిగుతూ ఆ నేలను తాకుతుంది. రెండూ కలిసే చోటే కార్నర్ ఫ్రీక్వెన్సీ. దానికి పైన వైట్ నాయిస్‌దే పెత్తనం, కింద ఫ్లికర్‌ది. మంచి బైపోలార్ ఆంప్లిఫయర్లలో ఇది కొన్ని హెర్ట్జ్‌లే. ప్రసిద్ధమైన ఓపీ27లో 2.7 హెర్ట్జ్. సీమాస్ ఆంప్లిఫయర్లలో వందల హెర్ట్జ్ నుంచి పదుల కిలోహెర్ట్జ్ దాకా పోతుంది.

మన త్రాసులో 1 కిలోహెర్ట్జ్ కార్నర్ ఉన్న సీమాస్ ఆంప్లిఫయర్‌ను పెట్టామనుకుందాం. ఒక హెర్ట్జ్ వెడల్పులో దాని వైట్ నాయిస్ 10 నానోవోల్టులు. 0.1 నుంచి 10 హెర్ట్జ్ వరకు పోగయ్యే మొత్తం నాయిస్‌కు సూత్రం ఇది:

```
e = en × √( fc × ln(fH/fL) + (fH − fL) )
```

ఇందులో en అంటే ఆ 10 నానోవోల్టులు, fc కార్నర్ ఫ్రీక్వెన్సీ, fH, fL పై, కింది హద్దులు. హద్దుల నిష్పత్తి 100, దాని సహజ లాగరిథమ్ 4.6. మొదటి పదం 4,600కు పైచిలుకు వస్తే రెండోది పట్టుమని పది కూడా రాదు. మొత్తం నాయిస్ ఆర్‌ఎమ్‌ఎస్ విలువ 0.68 మైక్రోవోల్టు, శిఖరం నుంచి లోయకు చూస్తే సుమారు 4.5 మైక్రోవోల్టులు. బరువులోకి మారిస్తే దాదాపు 130 మిల్లీగ్రాములు. పళ్లెం ఖాళీగా ఉన్నా అంకె పదమూడు మెట్లు పైకీ కిందికీ తిరుగుతుంది. ఫ్లికర్ లేకుండా వైట్ నాయిస్ ఒక్కటే ఉంటే అదే లెక్కకు శిఖరం నుంచి లోయకు 0.21 మైక్రోవోల్టు వస్తుంది, అంటే ఒక్క మెట్టు కంటే తక్కువ. ఆంప్లిఫయర్ అదే. ఇరవైరెట్ల తేడా అంతా ఫ్లికర్ పుణ్యమే.

ఇక్కడ చాలామందికి తోచేది సగటు. నూరు కొలతల సగటు తీస్తే వైట్ నాయిస్ పదోవంతుకు దిగుతుంది కదా అని. ఫ్లికర్ దగ్గర ఆ లెక్క సాగదు. సూత్రంలో ఫ్లికర్ పదానికి కావలసింది హద్దుల నిష్పత్తి మాత్రమే. పదో వంతు సెకను కొలతలను పది సెకన్లపాటు పోల్చినా, పది సెకన్ల కొలతలను వెయ్యి సెకన్లపాటు పోల్చినా నిష్పత్తి వందే, ఫ్లికర్ అంతే. ఎక్కువసేపు సగటు తీసేకొద్దీ మనం కార్నర్ నుంచి ఇంకా ఎడమవైపుకు, ఆ వాలు ఇంకా ఎత్తుగా ఉన్న చోటికే పోతాం. ఓపికతో గెలవగలిగే నాయిస్ కాదిది.

అందుకే నాయిస్‌తో పోట్లాడకుండా సంకేతాన్నే అక్కణ్ణుంచి తరలిస్తారు. చాపర్ చేసేది అదే. ఆంప్లిఫయర్ ముందు నాలుగు స్విచ్‌లుంటాయి. అవి లోడ్ సెల్ నుంచి వచ్చే రెండు తీగలను సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుస్తాయి. కదలని సంకేతం చాపింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర చదరపు తరంగమవుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని అక్కడే, ఫ్లికర్‌కు దూరంగా, పెద్దది చేస్తుంది. తన సొంత పాసంగాన్ని, అంటే ఆఫ్‌సెట్‌నూ ఫ్లికర్‌నూ, మామూలుగానే కింది ఫ్రీక్వెన్సీల్లో కలుపుతుంది. అవతల మరో నాలుగు స్విచ్‌లు అదే లయలో తీగలను తిరిగి మారుస్తాయి. రెండుసార్లు మారిన సంకేతం తన సున్నా హెర్ట్జ్‌కు తిరిగి వస్తుంది. ఒక్కసారే మారిన ఆఫ్‌సెట్, ఫ్లికర్ చాపింగ్ ఫ్రీక్వెన్సీకి ఎగిరిపోతాయి. అక్కడ వాటిని ఫిల్టర్ పట్టేస్తుంది. పళ్లేలు మార్చడం, సగటు తీయడం రెండూ జరిగిపోయాయి.

ట్రాన్సిస్టర్ల రోజులకు ముందే ఈ విద్య ఉంది. అనలాగ్ కంప్యూటర్లలో వాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయర్ల సున్నా జారిపోతుంటే, ఆర్‌సీఏ సంస్థలో ఎడ్విన్ గోల్డ్‌బర్గ్ దాన్ని నిలబెట్టే ఏర్పాటును 1950లో వివరించాడు. ప్రధాన ఆంప్లిఫయర్ వేగంగా తన పని తాను చేసుకుపోతుంటే, పక్కన టకటక కొట్టుకునే రిలేతో నడిచే మరో నెమ్మది ఆంప్లిఫయర్ దాని తప్పును చూసి దిద్దుతూ ఉండేది. చాపర్ స్టెబిలైజేషన్ అన్న మాటలో ‘స్టెబిలైజేషన్’ ఆ దిద్దుబాటే. రిలే పోయి మాస్ స్విచ్‌లు వచ్చాయి, సూత్రం మారలేదు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. చాపింగ్ కార్నర్ ఫ్రీక్వెన్సీ కంటే పైన ఉండాలి. సరిగ్గా కార్నర్ దగ్గరే చాప్ చేస్తే కొంత ఫ్లికర్ మిగిలి, కింది నాయిస్ పవర్ వైట్ నాయిస్‌కు 1.85 రెట్లుంటుందని ఎంజ్, టెమెస్ 1996లో లెక్కగట్టి చూపారు. వోల్టేజిలో అది 36 శాతం ఎక్కువ. కార్నర్‌కు పదిరెట్ల మీద చాప్ చేస్తే ఆ అదనం 4 శాతానికి పడిపోతుంది. మన త్రాసుకు 10 కిలోహెర్ట్జ్ చాలు. చాపింగ్‌తో పనిచేసే ఏడీఏ4528 లాంటి చిప్‌లో 0.1 నుంచి 10 హెర్ట్జ్ వరకు నాయిస్, శిఖరం నుంచి లోయకు, 97 నానోవోల్టులే. మనకు కావలసిన మెట్టు 333 నానోవోల్టులు.

అలాగైతే పదిరెట్లు ఎందుకు, వెయ్యిరెట్ల వేగంతో మార్చకూడదా? కూడదు. మాస్ స్విచ్ తెరుచుకున్నప్పుడూ మూసుకున్నప్పుడూ ఇన్‌పుట్‌లోకి రవ్వంత విద్యుదావేశం చిలుకుతుంది. సెకనుకు ఎన్నిసార్లు మారిస్తే అన్నిసార్లు. అదంతా కలిసి ఒక చిన్న కరెంటవుతుంది. అది 50 పికో ఆంపియర్లు అనుకుంటే 350 ఓముల లోడ్ సెల్ మీద 17.5 నానోవోల్టుల తప్పు, ఎవరికీ పట్టదు. అదే 10 లక్షల ఓముల సెన్సర్ మీదైతే 50 మైక్రోవోల్టులు. అంత నిరోధం ఉన్నచోట చాపర్ కంటే మామూలు జేఫెట్ ఆంప్లిఫయరే మేలు కావచ్చు. అనుమానం తీర్చుకోవడం తేలికే. ఇన్‌పుట్‌కు వరుసగా లక్ష ఓముల నిరోధం కలిపి చూడండి. సున్నా కొన్ని మైక్రోవోల్టులు జరిగితే తప్పు ఆవేశానిదే.

ఇంకో రకం మోసం చాపర్ బయట ఉంటుంది. రాగి తీగ, సోల్డర్, కనెక్టర్ పిన్ లాంటి వేర్వేరు లోహాలు కలిసిన చోట ఒకవైపు వెచ్చగా, ఒకవైపు చల్లగా ఉంటే కొన్ని మైక్రోవోల్టులు పుడతాయి. పైన ఫ్యాను తిరుగుతుంటే అవి ఊగుతాయి, అచ్చం ఫ్లికర్‌లాగే కనిపిస్తాయి. పరీక్షించాలంటే ఇన్‌పుట్ తీగలు రెండూ కలిపి షార్ట్ చేసి, బోర్డు మీద ఒక అట్టపెట్టె బోర్లించి, పది సెకన్లపాటు నాయిస్ చూడాలి. పెట్టెతో తగ్గితే అది గాలి చేసిన పని. షార్ట్‌లో బాగుండి, లోడ్ సెల్ తగిలించగానే ఊగితే తప్పు తీగల్లో ఉంది. దానికి మందు కూడా పళ్లేలు మార్చడమే, కాకపోతే ఇంకా వెలుపల. లోడ్ సెల్‌కిచ్చే 5 వోల్టులనే ఒకసారి సూటిగా, ఒకసారి తలకిందులుగా ఇచ్చి, రెండు కొలతల తేడాలో సగం తీసుకోవాలి. బరువు వల్ల వచ్చే సంకేతం తలకిందులవుతుంది, వేడి వల్ల పుట్టిన వోల్టేజి కాదు. తేడాలో అది కొట్టుకుపోతుంది.

చాపర్ పెట్టాం కాబట్టి సున్నా నిలబడుతుందని నమ్మేముందు రెండు చూసుకోవాలి: మార్పిడి ఎక్కడ మొదలవుతోంది, సెకనుకు ఎన్నిసార్లు జరుగుతోంది. స్విచ్‌లకు లోపల పుట్టిన తప్పునే చాపర్ తీసెయ్యగలదు, అదీ అది మారేలోపు మార్చగలిగితేనే.