చూసినవాళ్లకే మళ్లీ చూపిస్తే

పాపికొండల పడవ యాత్ర నడిపే చిన్న టూర్ నిర్వాహకుడు ఒకరున్నారనుకుందాం. పోచవరం రేవులో బోటు ఎక్కిస్తారు. కొండల మధ్య గోదావరిని డ్రోన్‌తో తీసిన వీడియోను ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వాళ్లకు ఫేస్‌బుక్‌లో ప్రకటనగా ఇచ్చారు. మొదటి వారం ఒక్కో ఎంక్వైరీకి 20 రూపాయలు పడింది, నాలుగో వారానికి 45 అయింది.

ముందు చూడాల్సింది Ads Managerలో Frequency కాలమ్. ప్రకటన కనబడిన సార్లను చూసిన మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది. 30,000 మందికి 1,50,000 సార్లు కనబడితే 5. ఇది సగటే. కొందరు రెండుసార్లే చూసి ఉంటారు, కొందరికి పదిసార్లు ఎదురై ఉంటుంది. హైదరాబాద్‌లో ఇదే ఖర్చుతో ఎప్పటికప్పుడు కొత్తవాళ్లు దొరుకుతారు. అడవి అంచు పట్టణాల్లో జనం తక్కువ, అందుకే వీడియో త్వరగా మొహం మొత్తుతుంది. ఒక్కో ఫలితానికయ్యే ఖర్చు మీ పాత ప్రకటనలతో పోలిస్తే రెట్టింపు దాటితే Delivery కాలమ్‌లో Creative fatigue అని కూడా కనబడవచ్చు.

అయితే ఖర్చు పెరిగిన ప్రతిసారీ తప్పు వీడియోది కాదు. CPM, అంటే వెయ్యిసార్లు చూపించడానికయ్యే ఖర్చు, దసరా దీపావళి రోజుల్లో పోటీ వల్లే పెరుగుతుంది. క్లిక్‌లు తగ్గకుండా బుకింగ్‌లు మాత్రమే తగ్గితే ధరనో, ఫోన్ ఎత్తే మనిషినో చూసుకోవాలి. CPM అలాగే ఉండి, Frequency పెరుగుతూ, CTR పడిపోతుంటేనే వీడియో అరిగిందని నమ్మాలి.

అప్పుడు చాలామంది అక్షరాల రంగు మార్చి, పాట మార్చి ఊరుకుంటారు. మొదటి మూడు సెకన్లలో అదే కొండ కనబడితే వేలు ఆగదు. మారాల్సింది విషయం. డ్రోన్ వీడియోను అయిదుసార్లు చూసి కూడా ఫోన్ చేయనివాళ్లకు అందం తెలియక కాదు, మనసులో ఏదో సందేహం ఉంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని ఈ ప్రాంతం మరిచిపోలేదు. అందుకే కొత్త వీడియో రేవులోనే మొదలవ్వాలని నా అభిప్రాయం: ఒక పెద్దావిడకు సిబ్బంది లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్ బిగించి, లాగి చూస్తారు. మరో వీడియో పిల్లలున్న ఇంటి కోసం, బొంగులో చికెన్ పొగతో మొదలుకావచ్చు. సినిమావాళ్లు వారం వారం పోస్టర్ మార్చి, ఒకసారి హీరోను, ఇంకోసారి కుటుంబాన్ని ముందు పెట్టడం ఇలాంటిదే.

పాత ప్రకటనలోనే వీడియో మార్చకూడదు. మారిస్తే సిస్టమ్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఆ దశ దాటాలంటే వారంలో దాదాపు 50 ఫలితాలు రావాలి, చిన్న బడ్జెట్‌కు అది భారమే. కొత్తదాన్ని వేరే ప్రకటనగా, వేరే ad setలో, దాని డబ్బు దానికి కేటాయించి పెట్టాలి. రెంటినీ ఒకేచోట పెడితే డబ్బంతా పాతదానికే పోయి, కొత్తది ఎవరికీ కనబడకుండానే ఓడిపోయినట్టు తేలుతుంది.

డ్రోన్ వీడియోను పారేయనక్కర్లేదు. దాన్ని ఇంతవరకు చూడని విజయవాడకు, హైదరాబాద్‌కు చూపించవచ్చు. గోదావరి పొంగి బోట్లు ఆగినప్పుడు ప్రకటనలన్నీ ఆపి, సీజన్ మొదలయ్యాక ఖమ్మంలో దాన్ని కొద్ది డబ్బుతో మళ్లీ పరీక్షించవచ్చు.